పోర్టబుల్ ఏసీ: బయటికి పంపే గాలి, లోపలికి దూరే వేడి

హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండేవారికి ఎండాకాలం వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. స్ప్లిట్ ఏసీ పెట్టుకోవాలంటే గోడకు కన్నం కొట్టాలి, బయట స్టాండు బిగించాలి. అందుకు ఓనరు ఒప్పుకోవాలి. ఏడాది తిరిగాక ఇల్లు మారితే అదంతా విప్పించి, కొత్తచోట మళ్లీ బిగించుకునే ఖర్చు వేరే. విండో ఏసీ అంటే కిటికీ గ్రిల్ కోయాల్సిందే. ఈ తలనొప్పులేవీ లేకుండా చక్రాల మీద దొర్లించుకుపోయే పోర్టబుల్ ఏసీ కనిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. ప్లగ్ పెట్టి, వెనక ఉన్న లావుపాటి గొట్టాన్ని కిటికీలోంచి బయటికి వదిలితే చాలంటాడు షాపువాడు.

వారం తిరక్కుండానే ఫిర్యాదు మొదలవుతుంది. ఏసీ ముందు నిలబడితే చలి, రెండడుగులు పక్కకు జరిగితే ఉక్క. రాత్రిళ్లు ఫర్వాలేదు గానీ మధ్యాహ్నం మూడింటికి మాత్రం ఏసీ వేసినట్టే ఉండదు. కరెంటు బిల్లు మాత్రం తగ్గదు. గ్యాస్ తగ్గిందేమోనని మెకానిక్‌ను పిలుస్తారు. ఈ యంత్రాల్లో గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపి సీలు చేసి ఉంటుంది. ఎక్కడో లీకైతే తప్ప అది తగ్గదు. చాలా ఇళ్లలో లోపం యంత్రంలో ఉండదు, గొట్టాన్ని పెట్టిన తీరులో ఉంటుంది. అంతకన్నా ఎక్కువగా, ఆ గొట్టంలోంచి బయటికి పోయిన గాలి స్థానంలోకి ఇంకెక్కడి నుంచో వచ్చే గాలిలో ఉంటుంది.

ఒకే పెట్టెలో రెండు పనులు

ఏ ఏసీ అయినా చలిని పుట్టించదు, గదిలో ఉన్న వేడిని పట్టుకెళ్లి బయట పారబోస్తుంది. స్ప్లిట్ ఏసీలో ఈ రెండు పనులూ గోడకు అటొకటి, ఇటొకటి జరుగుతాయి. లోపలి యూనిట్ గది గాలిని చల్లబరుస్తుంది. బయటి యూనిట్ బయటి గాలినే పీల్చుకుని, దానికి వేడిని అంటించి మళ్లీ బయటికే వదులుతుంది. గదిలోని గాలి గదిలోనే తిరుగుతుంది.

పోర్టబుల్ ఏసీలో ఆ రెండు యూనిట్లూ ఒకే పెట్టెలో, గది మధ్యలో ఉంటాయి. చల్లటి కాయిల్ మీదుగా పోయిన గాలి ముందువైపు నుంచి మన మీదికి వస్తుంది. వేడెక్కిన కాయిల్‌ను, అంటే కండెన్సర్‌ను, చల్లార్చడానికి కూడా గాలి కావాలి. ఒకే గొట్టం ఉన్న యంత్రం ఆ గాలిని కూడా గదిలోంచే తీసుకుంటుంది. కాస్త కష్టపడి చల్లబరచిన గాలినే పీల్చి, 50 డిగ్రీలు దాటేలా వేడెక్కించి, గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది.

గదిలోంచి గాలి పోతే ఆ ఖాళీ అలాగే ఉండిపోదు. ఎంత గాలి బయటికి పోతుందో అంత గాలీ ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి. తలుపు కింది సందు, కిటికీ రెక్కల మధ్య నెర్ర, బాత్రూం వెంటిలేటర్, స్విచ్‌బోర్డు వెనక పైపుల కన్నాలు, ఇవన్నీ దానికి దారులే. వచ్చేది మే నెల మధ్యాహ్నపు గాలి. నీళ్ల డ్రమ్ము ఒక పక్క నిండుతూ ఇంకో పక్క కారుతున్నట్టు, యంత్రం చల్లబరుస్తూనే ఉంటుంది, గది వేడెక్కుతూనే ఉంటుంది.

ఒక గది లెక్క

ఎంత నష్టమో అంకెల్లో చూస్తేగానీ ఏ పనికి ఎంత విలువో తేలదు. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఉండే మామూలు పడకగదిని తీసుకుందాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. పై అంతస్తు, పడమటి కిటికీ, ఒక అటాచ్డ్ బాత్రూం. బయట 40 డిగ్రీలు. గదిని 27 డిగ్రీల దగ్గర నిలపాలని కోరిక. కొన్నది ఒక టన్ను పోర్టబుల్ ఏసీ.

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, వాట్లలో సుమారు 3,500. ఇందులో దాదాపు పావువంతు గాలిలోని తేమను నీరుగా మార్చడానికే ఖర్చవుతుంది. గాలిని చల్లబరచడానికి మిగిలేది ఇంచుమించు 2,600 వాట్లు.

ఈ సైజు యంత్రం గొట్టంలోంచి గంటకు 400 ఘనపు మీటర్ల గాలిని బయటికి పంపుతుందనుకుందాం. మన గదిలో ఉన్న గాలంతా కలిపితే 34 ఘనపు మీటర్లే. అంటే ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి గదిలో ఉన్నంత గాలీ బయటికి పోయి, ఆ స్థానంలోకి కొత్త గాలి వస్తోందన్నమాట. 40 డిగ్రీల దగ్గర వచ్చిన ఆ గాలిని 27 డిగ్రీలకు దించడానికే దాదాపు 1,600 వాట్లు కావాలి. గొట్టం గోడల నుంచి గదిలోకి తిరిగొచ్చే వేడి మరో 150 వాట్లు వేసుకోవచ్చు. 2,600లో ఈ రెండూ పోగా మిగిలేది 850 వాట్లు.

ఎండకు కాలిన స్లాబు, పడమటి గోడ, గదిలోని మనుషులు, ఫ్యాను, టీవీ, వీటన్నిటి వేడినీ ఆ 850 వాట్లతోనే మోయాలి. పై అంతస్తు గదికి మధ్యాహ్నం అది చాలదు. అందుకే గది 30 డిగ్రీల దగ్గరో, 31 దగ్గరో ఆగిపోతుంది. రిమోట్‌లో 16 నొక్కినా తేడా రాదు, ఎందుకంటే కంప్రెసర్ అప్పటికే తన శక్తి మేరకు ఆగకుండా తిరుగుతోంది.

రాత్రిపూట ఎందుకు బాగుంటుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. రాత్రి పదకొండింటికి బయట 30 డిగ్రీలకు దిగితే లోపలికి దూరే గాలి మోసుకొచ్చే వేడి 1,600 వాట్ల నుంచి 400 వాట్లకు లోపే పడిపోతుంది. యంత్రం అదే, గొట్టం అదే, గది అదే. మారింది బయటి గాలి వేడి ఒక్కటే.

అగరుబత్తి పరీక్ష

చక్కదిద్దే ముందు లోపం యంత్రానిదా, గొట్టానిదా అన్నది తేల్చుకోవాలి. ఒక మామూలు థర్మామీటరు చాలు. ఏసీ పావుగంట నడిచాక, అది గాలి పీల్చుకునే జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే మూతి దగ్గర ఇంకోసారి కొలవాలి. రెండింటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. తేడా నాలుగైదు డిగ్రీలే ఉంటే ముందు ఫిల్టర్లు తీసి కడగాలి. కొన్ని మోడళ్లలో కండెన్సర్ వైపు కూడా వేరే జాలీ ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. అవి శుభ్రం చేశాకా తేడా పెరగకపోతే అప్పుడు మెకానిక్‌ను పిలవవచ్చు.

చల్లగాలి సరిగా వస్తున్నా గది చల్లబడకపోతే, బయటి గాలి ఎటు నుంచి వస్తోందో వెతకాలి. సీలింగ్ ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఏసీని పది నిమిషాలు నడిపించాలి. వెలిగించిన అగరుబత్తిని తలుపు కింద, కిటికీ రెక్కల అంచుల్లో, గొట్టం బిగించిన పలక చుట్టూ, బాత్రూం తలుపు దగ్గర నెమ్మదిగా తిప్పాలి. కర్టెన్లకు దూరంగా పట్టుకోవాలి. పొగ ఎక్కడ గది లోపలికి వంగితే అక్కడి నుంచి గాలి వస్తున్నట్టు.

చాలామంది తలుపు కింది సందు వైపే చూస్తారు గానీ, పొగ గట్టిగా వంగేది తరచూ బాత్రూం తలుపు దగ్గర. అక్కడ వెంటిలేటర్ అద్దాలు తీసే ఉంటాయి, లేదా ఎగ్జాస్ట్ ఫ్యాను కోసం వదిలిన గుండ్రటి కన్నం ఉంటుంది. ఏసీ లాగే గాలి అక్కడి నుంచి, నీళ్లు ఎండిపోయిన డ్రైన్ జాలీలోంచి కూడా వస్తుంది. ఏసీ వేసినప్పుడే గదిలో బాత్రూం వాసన తగులుతోందంటే కారణం ఇదే. బాత్రూం తలుపు మూసి, కింద గుడ్డ చుట్ట పెట్టి, డ్రైన్‌లో ఒక చెంబు నీళ్లు పోస్తే ఆ దారి మూసుకుంటుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపే ఉంచాలి. లేకపోతే గదిలోంచి గాలి లాగే యంత్రాలు రెండవుతాయి.

గ్రిల్ కిటికీకి పలక

పెట్టెలో ఏసీతో పాటు వచ్చే ప్లాస్టిక్ పలక పక్కకు జరిపే కిటికీల కోసం తయారైంది. మన పాత ఇళ్లలోని చెక్క కిటికీలు బయటికి తెరుచుకుంటాయి, మధ్యలో ఇనుప ఊచలు ఉంటాయి. వాటికి ఆ పలక కుదరదు. దాంతో రెక్క సగం తెరిచి, గొట్టం మూతిని ఊచలకు ఆనించి, చుట్టూ పాత టవలు కుక్కేసి వదిలేస్తారు. గొట్టం తోసిన వేడి గాలిలో కొంత ఆ సందుల్లోంచే మళ్లీ గదిలోకి వస్తుంది. ఆ కిటికీకి సరిపోయే పలక చేసుకోవడం పెద్ద పనేం కాదు.

రెండు రెక్కల్లో ఒకదాన్ని మూసి గడియ పెట్టాలి. తెరిచిన రెక్క వైపు ఖాళీని కొలిచి, దానికి సరిపడా ప్లైవుడ్ గానీ, బోర్డులు చేసేవాళ్లు వాడే సన్‌బోర్డు గానీ కోయించుకోవాలి. గొట్టం చివర వచ్చే మూతి ఎంతుందో అంత కన్నం అందులో కోయాలి. పలక అంచు చుట్టూ ఫోమ్ టేపు అంటించి, లోపలి వైపు నుంచి ఊచల మీదికి అదమాలి. నాలుగు మూలలా చిన్న కన్నాలు పెట్టి, ప్లాస్టిక్ కేబుల్ టైలతో ఊచలకే కట్టేస్తే చాలు. గోడకు గానీ చెక్కకు గానీ ఒక్క మేకు కూడా కొట్టనక్కర్లేదు కాబట్టి ఓనరుతో పేచీ ఉండదు. పడమటి కిటికీ అయితే ఆ పలక ఎండకు కాలి తనే గదిలోకి వేడిని పంపుతుంది. దానికి లోపలి వైపు ఒక థర్మాకోల్ షీటు అంటించి, బయటి వైపు తెల్లగా ఉండేలా చూసుకోవాలి.

గొట్టం మూతి బల్లపరుపుగా, సన్నగా ఉంటే ఊచల మధ్యలోంచి బయటికి పోయేలా పెట్టవచ్చు. పోకపోతే ఊచల దాకా తెచ్చి ఆపినా నష్టం తక్కువే, ఒకటీ రెండు ఊచలు గాలిని పెద్దగా ఆపవు. గొట్టాన్ని మాత్రం నొక్కి, నలిపి దూర్చకూడదు. దోమల జాలీకి మూతి ఎదురుగా ఉండకూడదు. మెష్‌లో పట్టిన దుమ్ము గాలిని అడ్డుకుంటుంది, వేడి గాలి వెనక్కి తిరుగుతుంది. బయటికి తెరిచిన చెక్క రెక్కను కొక్కెంతో గట్టిగా బిగించాలి. ఈదురుగాలి వచ్చి ఆ రెక్క గొట్టం మూతి మీద పడిందంటే వేడి పోయే దారి మూసుకుపోతుంది, కాసేపటికి కంప్రెసర్ ట్రిప్ అవుతుంది.

కొత్త అపార్టుమెంట్లలోని స్లైడింగ్ కిటికీలకు కంపెనీ పలక బాగానే కుదురుతుంది. కానీ అక్కడ కంటికి కనబడని సందు ఒకటి ఉంది. కిటికీ పూర్తిగా మూసినప్పుడు రెండు అద్దపు తలుపుల ఫ్రేములూ ఒకదానికొకటి అంటుకుంటాయి. పలక పెట్టడానికి ఒక తలుపును కాస్త జరపగానే ఆ రెండింటి మధ్య కిందినుంచి పైదాకా నిలువుగా సందు పడుతుంది. పలక చుట్టూ ఎంత జాగ్రత్తగా టేపు వేసినా గాలి ఆ సందులోంచి హాయిగా వచ్చేస్తుంది. ఒక లావు ఫోమ్ పట్టీని పైనుంచి కిందిదాకా ఆ సందులో దూర్చాలి.

బయట అంటే నిజంగా బయటే కావాలి. అద్దాలతో మూసేసిన బాల్కనీలోకి, వాష్ ఏరియాలోకి, మెట్ల దగ్గరి కారిడార్‌లోకి, ఫాల్స్ సీలింగ్ పైకి గొట్టం వదిలితే ఆ వేడి అక్కడే పేరుకుని మళ్లీ గదిలోకే లాగబడుతుంది. పక్క గదిలోకి వదిలినా అంతే.

తలుపు కింద సందు ఉండాలా, మూసెయ్యాలా

కిటికీ, బాత్రూం దారులు మూశాక సహజంగానే గది తలుపు కింద కూడా గుడ్డ కుక్కాలనిపిస్తుంది. ఇక్కడ కాస్త ఆలోచించాలి. ఒకే గొట్టం ఉన్న యంత్రం నడవాలంటే గదిలోకి గాలి వచ్చి తీరాలి. అన్ని సందులూ నిజంగానే మూసేయగలిగితే కండెన్సర్‌కు చాలినంత గాలి అందక యంత్రం ఇంకా వేడెక్కుతుంది. గాలి రాకుండా చెయ్యడం మన చేతిలో లేదు. ఎటు నుంచి రావాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

పడమటి కిటికీ సందుల్లోంచి వచ్చేది ఎండలో కాగిన 40 డిగ్రీల గాలి. పగలు కిటికీలు, కర్టెన్లు మూసి ఉంచిన హాల్లో అదే సమయానికి 34 డిగ్రీలు ఉండవచ్చు. అందుకే బయటి గోడ వైపు దారులన్నీ మూసి, హాలు వైపు తలుపు కింది సందు ఒక్కటే వదలడం మేలు. అప్పుడు లోపలికి వచ్చే గాలి మోసుకొచ్చే వేడి మన లెక్కలో 1,600 వాట్ల నుంచి సుమారు 870కి తగ్గుతుంది. గొట్టం వేడిని కూడా అదుపు చేస్తే గదికి మిగిలే చల్లదనం 850 వాట్ల నుంచి 1,650 దాటుతుంది. కొత్త యంత్రం కొనకుండా, ఉన్నదాని నుంచే ఇంచుమించు రెట్టింపు ఫలితం.

దీనికి ఒక పరిమితి ఉంది. హాల్లోంచి పోయిన గాలి స్థానంలోకి హాల్లోకి కూడా బయటి గాలే వస్తుంది. హాలు గోడలు, నేల కొంతసేపు ఆ వేడిని పీల్చుకుంటాయి గానీ, గంటల తరబడి నడిస్తే హాలు కూడా క్రమంగా వేడెక్కుతుంది. హాల్లోకి గాలి తూర్పు వైపు నుంచో, మెట్ల వైపు నీడ నుంచో వచ్చేలా చూసుకుంటే ఆ వేడెక్కడం ఆలస్యమవుతుంది.

పొట్టిగా, తిన్నగా

ఇక గొట్టం సంగతి. మడతలు మడతలుగా సాగే ఈ గొట్టాన్ని ఎంత సాగదీస్తే గాలికి అంత అడ్డు, ఎన్ని వంపులు తిప్పితే అంత ఇబ్బంది. యంత్రంలోని ఫ్యాను కంపెనీ ఇచ్చిన పొడవుకు సరిపడా శక్తితోనే ఉంటుంది. ఇంకో గొట్టం కొని అతికితే గాలి నెమ్మదిస్తుంది, కండెన్సర్ వేడి దిగదు, చల్లదనం తగ్గుతుంది. మంచానికి దగ్గరగా ఉండాలని ఏసీని గది మధ్యకు తెచ్చి గొట్టాన్ని రెండు మీటర్లు సాగదీయడం కంటే, ఏసీని కిటికీ కిందే ఉంచి చల్లగాలిని సీలింగ్ ఫ్యానుతో గదంతా తిప్పడం మంచిది. వంపు ఒకటికి మించకూడదు, అదీ విశాలంగా ఉండాలి. యంత్రం వెనక, పక్కల కనీసం ఒక అడుగు ఖాళీ వదలాలి.

గొట్టం లోపల 50 డిగ్రీలు దాటిన గాలి పోతుంటుంది. పల్చటి ప్లాస్టిక్ కాబట్టి చెయ్యి వేస్తే వేడి తెలుస్తుంది. ఒకటిన్నర మీటర్ల గొట్టం గదిలోకి 100 నుంచి 200 వాట్ల దాకా వేడిని వదులుతుంది. రేకు పొర ఉన్న ఫోమ్ షీటును దాని చుట్టూ చుట్టి అల్యూమినియం టేపుతో అతికితే అందులో సగానికి పైగా ఆపవచ్చు. మామూలు సెల్లోటేపు వేడికి రెండు రోజుల్లో ఊడిపోతుంది. గొట్టం యంత్రానికి కలిసే చోట, పలకకు కలిసే చోట కూడా అల్యూమినియం టేపు ఒక చుట్టు వేయాలి. ఆ అతుకుల్లోంచి వేడి గాలి కారుతుంటే మిగతా శ్రమకు ఫలం దక్కదు. ఐతే చాలామంది గొట్టం చుట్టడంతోనే ఆగిపోతారు. లెక్క చూస్తే లోపలికి దూరే గాలి వల్ల పోయేది దానికి పదింతలు. ముందు కిటికీ, బాత్రూం, ఆ తర్వాతే గొట్టం చుట్టు.

కోస్తాలో తేమ

విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఇదే యంత్రానికి ఇంకో బరువు కూడా ఉంటుంది. అక్కడ లోపలికి దూరే గాలి వేడితో పాటు తేమను కూడా మోసుకొస్తుంది. చాలా పోర్టబుల్ ఏసీలు చల్లటి కాయిల్ మీద చేరిన నీటిని వేడి కాయిల్ మీద చిలకరించి, ఆవిరి చేసి గొట్టంలోంచి బయటికి పంపేస్తాయి. తేమ మరీ ఎక్కువైతే నీరంతా ఆవిరి కాలేక అడుగున ట్యాంకు నిండుతుంది, యంత్రం హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. ట్యాంకు నాలుగు గంటలకోసారి నిండుతోందంటే గదిలోకి బయటి గాలి గట్టిగానే వస్తోందని అనుమానించాలి. సందులు మూశాక ట్యాంకు నిండే వ్యవధి పెరిగిందో లేదో గమనిస్తే, చేసిన పని ఎంత ఫలించిందో తెలిసిపోతుంది. రాత్రంతా నడిపేవారు వెనక డ్రైన్ రంధ్రానికి సన్న పైపు తగిలించి బకెట్‌లోకి వదలడం మేలు.

గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్లలో

ఒక జాగ్రత్త మాత్రం చల్లదనానికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. ఒకే గొట్టం ఏసీ గదిలోంచి గాలిని లాగుతుంది కాబట్టి చుట్టుపక్కల నుంచి ఏ గాలినైనా పీలుస్తుంది. అటాచ్డ్ బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉండి, అది మండుతున్నప్పుడు ఏసీ కూడా నడుస్తుంటే వెంటిలేటర్‌లోంచి బయటికి పోవాల్సిన పొగ గదిలోకి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గీజర్ వాడేటప్పుడు ఏసీ ఆపాలి, బాత్రూం వెంటిలేటర్ తెరిచి ఉంచాలి, స్నానం ముగిసి గాలి మారాకే మళ్లీ ఏసీ వేయాలి. గది మూసి ఏసీ నడుపుతూ అక్కడే గ్యాస్ పొయ్యి వెలిగించే ఒంటిగది ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది.

రెండు గొట్టాలు, రెండు అంకెలు

ఈ తిప్పలన్నిటికీ మూలం గొట్టం ఒకటే కావడం. రెండు గొట్టాలున్న పోర్టబుల్ ఏసీలు కూడా ఉన్నాయి. అవి కండెన్సర్‌కు కావలసిన గాలిని ఒక గొట్టంతో బయటి నుంచి తెచ్చుకుని, రెండో గొట్టంతో బయటికే పంపుతాయి. గదిలోంచి గాలి లాగవు కాబట్టి బయటి వేడి లోపలికి దూరే సమస్య చాలావరకు తీరుతుంది. వాటికీ ఒక లోపం ఉంది. ఎండ 42 డిగ్రీలుంటే కండెన్సర్ ఆ గాలితోనే చల్లబడాలి. గది గాలిని వాడుకునే ఒంటి గొట్టం యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. అయినా మొత్తం మీద చూస్తే వేడి ప్రాంతాల్లో రెండు గొట్టాలదే పైచేయి. మన మార్కెట్లో ఎక్కువగా దొరికేవి మాత్రం ఒంటి గొట్టంవే.

అమెరికాలో అపార్టుమెంటు నిబంధనలు విండో ఏసీని ఒప్పుకోని చోట పోర్టబుల్ ఏసీ కొనే తెలుగు కుటుంబాలకు పెట్టె మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి పాత పద్ధతిలో కొలిచిన బీటీయూ. రెండోది SACC అనే అక్షరాల పక్కన ఉంటుంది. అక్కడి ఇంధన శాఖ 2016లో ఖరారు చేసిన పరీక్షా విధానం ప్రకారం, లోపలికి దూరే గాలి వేడిని, గొట్టం వదిలే వేడిని తీసేశాక మిగిలే చల్లదనం అది. పాత లెక్కలో 12,000 ఉన్న ఒంటి గొట్టం యంత్రానికి ఈ అంకె 6,000 నుంచి 8,000 మధ్య ఉండటం మామూలే. ఆ పరీక్షలో కూడా బయటి వేడిని 28 డిగ్రీల దగ్గర, 35 డిగ్రీల దగ్గర లెక్కేసి, 28 డిగ్రీలకే ఎక్కువ బరువు ఇస్తారు. మన 40 డిగ్రీల మధ్యాహ్నానికి మిగిలేది ఇంకా తక్కువ.

మన షాపుల్లో ఒక టన్ను పోర్టబుల్ ఏసీని ఒక టన్ను స్ప్లిట్ ఏసీ పక్కన పెట్టి పోల్చేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. 100, 120 చదరపు అడుగుల గది, కింద అంతస్తు, నీడపట్టు ఉంటే సరిగా బిగించిన ఒక టన్ను పోర్టబుల్ పగలు కూడా నెట్టుకొస్తుంది. పై అంతస్తు పడమటి గదిలో ఎండ తగ్గకముందే, అంటే మూడు గంటలకల్లా కర్టెన్లు వేసి యంత్రం మొదలుపెడితే రాత్రి తొమ్మిదికి గది పడుకోవడానికి వీలుగా ఉంటుంది. 150 చదరపు అడుగులు దాటిన గదికి, వంటగదితో కలిసిపోయిన హాలుకు ఒంటి గొట్టం యంత్రం సరిపోదు. అలాంటి గదికి ఏసీ కావాలనుకుంటే, కొనే ముందే ఓనరుతో మాట్లాడి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ కన్నం సిమెంటుతో పూడ్పించి ఇస్తామని ఒప్పందంలో రాయించుకుని స్ప్లిట్ పెట్టించుకోవడమే చవక.